వాగు వరదకు గంటలు, నది వరదకు రోజులు

(విజయవాడలో కాలనీ వాసులు, ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు ఒక విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు చేసిన ప్రసంగం. చివర అడిగిన రెండు ప్రశ్నలు కూడా ఇందులో ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న వాళ్ళలో సింగ్ నగర్ వాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. సగం మంది ఉన్నారు. అయితే 2024 సెప్టెంబరు 1 ఎలా గడిచిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ రెండు రోజుల్లో ఈ ఊరికి ఒకటి కాదు, రెండు వరదలు వచ్చాయని మాత్రం చెబుతాను. ఒకటి బుడమేరుది, రెండోది కృష్ణది. ఊరు ఒకటే, వాన ఒకటే. ఒకటి తెల్లారేసరికి గుమ్మంలో ఉంది. రెండోది ముందుగా కబురు పంపి మరీ వచ్చింది. ఈ తేడా ఎందుకొచ్చిందో ఈ పూట చూద్దాం.

మన భాషలో వానకు ఎన్ని పేర్లున్నాయో చూడండి. తుంపర, జల్లు, ముసురు, జడివాన, కుంభవృష్టి. ఇవేవీ మొత్తం ఎంత కురిసిందో చెప్పవు, ఎంత వేగంగా కురిసిందో చెబుతాయి. మా శాఖలో దాన్ని వర్ష తీవ్రత అనేవాళ్ళం, అంటే గంటకు ఎన్ని మిల్లీమీటర్లు అని. ఇరవై నాలుగ్గంటలు ముసురు పట్టి 5 సెంటీమీటర్లు పడితే రైతుకు పండగ. అదే 5 సెంటీమీటర్లు ఒక్క గంటలో పడితే వాగు చప్టా మీదికెక్కుతుంది. పేపర్లో మర్నాడు రెండింటికీ ఒకే అంకె వేస్తారు. ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 వరకు పడినదంతా కలిపిన అంకె అది. నది వరదకు ఆ అంకె పనికొస్తుంది. వాగు వరదను మాత్రం అది దాచేస్తుంది.

ఇక్కడ చిన్న లెక్క చెబుతాను. భయపడకండి, నోటి లెక్కే. పాత ఇంజనీర్లు జేబులో పెట్టుకు తిరిగిన సూత్రం: ఒక ఎకరం మీద గంటకు ఒక అంగుళం వాన పడి, ఏమీ ఇంకకుండా అంతా పారితే, అది ఒక క్యూసెక్కు. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. సెకనుకు రెండు బిందెలు అనుకోండి.

నేల కొంత తాగుతుంది కదా. ఎంత తాగుతుందనేది నేలను బట్టి. ఇసుక నేల గబగబా తాగుతుంది. నల్లరేగడి చిత్రమైనది. వేసవిలో నెర్రెలిచ్చి ఉన్నప్పుడు మొదటి వానను గటగటా మింగేస్తుంది. తర్వాత ఉబ్బి నెర్రెలు మూసుకుంటే చుక్క దిగనివ్వదు. సిమెంటు రోడ్డు, డాబా పైకప్పు అసలే తాగవు. సరే, గంటకు రెండు అంగుళాల వాన పడిందనుకుందాం, అందులో సగం ఇంకింది. మిగిలింది గంటకు ఒక అంగుళం. అంటే ఎకరానికి ఒక క్యూసెక్కు.

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి, మనకు ఉత్తరంగా వచ్చి, కొల్లేట్లో కలుస్తుంది. ఊళ్ళోకి రాకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, వరద నీటిని మళ్ళింపు కాలువతో ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలోకి పంపే ఏర్పాటు ఉంది. ఆ కాలువ మోయగలిగింది 15 వేల క్యూసెక్కులని చెప్పేవాళ్ళు. ఆ రోజు వచ్చింది 35 వేలకు పైమాటే అని అప్పటి అంచనా. మన నోటి లెక్కతో 35 వేల క్యూసెక్కులకు ఎంత నేల కావాలి? 35 వేల ఎకరాలు. అంటే సుమారు 140 చదరపు కిలోమీటర్లు, అటు పన్నెండు ఇటు పన్నెండు కిలోమీటర్ల ముక్క. ఒక్క మేఘాల గుంపు కమ్మేయగలిగినంత జాగా అది. అక్కడ గట్టి వాన కొన్ని గంటలు నిలబడితే చాలు.

ఇప్పుడు అదే లెక్క కృష్ణకు వేయండి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. 2009 అక్టోబరు వరదలో వచ్చిన 11.10 లక్షలను ఇది దాటింది. దీనికి 11.43 లక్షల ఎకరాలు కావాలి. దాదాపు 4,600 చదరపు కిలోమీటర్ల మీద, ఒకే సమయంలో, గంటకు రెండంగుళాల వాన. పైగా ఆ నీళ్ళన్నీ ఒకే ఘడియలో బ్యారేజీకి చేరాలి. ఆకాశం అంత విశాలంగా, అంత గట్టిగా, అంతసేపు కురవదు. పెద్ద నది పొంగాలంటే వాన పరచుకోవాలి, రోజుల తరబడి ఉండాలి, పైన జలాశయాలు అప్పటికే నిండి గేట్లెత్తి ఉండాలి. చిన్న వాగుకు ఇవేవీ అక్కర్లేదు. దానికి గంటల లెక్కలో తీవ్రత ఒక్కటి చాలు.

అసలు విషయం ఇదే. వాగు వానకు గంటల్లో జవాబిస్తుంది, నది రోజుల్లో ఇస్తుంది. పరీవాహక ప్రాంతంలో అన్నిటికన్నా దూరపు చివర పడిన చుక్క మీ దగ్గరికి రావడానికి ఎంతసేపు పడుతుందో, అది ఆ ఏటి గడియారం. వాన ఆ గడియారం తిరిగేదాకా నిలిస్తే ఏరు మొత్తం పొంగుతుంది. కొండవాగుకు ఆ గడియారం గంటో రెండు గంటలో. గోదావరికి రోజులు. వాన పడిన ఆరు గంటల్లోపు వచ్చే వరదను ఆకస్మిక వరద అనడం ప్రపంచమంతా వాడుకలో ఉన్న కొలత. ఆరు గంటలనేది గీత గీసినట్టు ఏమీ కాదు, సౌకర్యం కోసం పెట్టుకున్నది.

నది వరద ఎంత మర్యాదగా వస్తుందో భద్రాచలంలో చూడాలి. అక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులై 16న గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986లో వచ్చిన 75.6 తర్వాత అంత ఎత్తు అప్పుడే. కానీ అప్పటికి ఐదు రోజులుగా హెచ్చరికలు నడుస్తూనే ఉన్నాయి. విదర్భలో, ఛత్తీస్‌గఢ్‌లో, ఉత్తర తెలంగాణలో వానలు పడ్డాయి. ప్రాణహిత, ఇంద్రావతి పొంగాయి. పైన పేరూరు గేజి ఎంత పెరిగిందో చూసి, భద్రాచలంలో ఎన్ని గంటలకు ఎంత పెరుగుతుందో కేంద్ర జల సంఘం వాళ్ళు లెక్కగట్టి చెబుతారు. ఆ తర్వాత అదే నీరు ధవళేశ్వరానికి ఎప్పుడొస్తుందో చెబుతారు. గంటకు అడుగో, అర అడుగో పెరుగుతుంది. సామాను పైకెత్తుకోవచ్చు, గొడ్లను తోలుకుపోవచ్చు. నష్టం తక్కువని కాదు, నది వరద ముంచే విస్తీర్ణం చాలా పెద్దది. కానీ ప్రాణం కాపాడుకోవడానికి వ్యవధి ఇస్తుంది. "వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక" అన్నారు పెద్దలు. వాన సంగతేమో గానీ, నది రాకడ మాత్రం ఇప్పుడు ఎరుకే.

నది వరదలో తెలియక మోసపోయే చోటు ఒకటుంది. ప్రధాన నది నిండుగా ఉన్నప్పుడు ఉపనది దానిలోకి దూరలేదు, వెనక్కి ఎగదన్నుతుంది. కూనవరం దగ్గర గోదావరి శబరిని ఇలాగే ఆపుతుంది. శబరిలో పెద్ద వరద లేకపోయినా చింతూరు వైపు మునుగుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, బుడమేరులో మళ్ళీ వస్తుంది.

ఇక ఆగస్టు 31కి వద్దాం. బంగాళాఖాతంలో వాయుగుండం. అది తీరం దాటింది ఆ అర్ధరాత్రి తర్వాత, కళింగపట్నం దగ్గర. ఎక్కడ శ్రీకాకుళం జిల్లా, ఎక్కడ విజయవాడ! చాలామంది టీవీలో మ్యాపు చూసి, మనకు దూరంలే అనుకున్నారు. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. రుతుపవన కాలపు వాయుగుండానికి అన్నిటికన్నా గట్టి వాన సాధారణంగా దాని నైరుతి భాగంలో పడుతుంది. కేంద్రం శ్రీకాకుళంలో ఉంటే నైరుతిన ఉన్నది మనమే, ఖమ్మమే, మహబూబాబాదే. కేంద్రం ఎక్కడని కాదు, వాన భాగం ఎక్కడని చూడాలి. ఆ పగలే మొగల్రాజపురంలో కొండచరియలు విరిగి పడ్డాయి. కొండరాయి జారిందంటే నేల ఇక తాగలేనంత తాగేసిందని అర్థం. ఆ తర్వాత పడిన ప్రతి చుక్కా పారేదే.

కాలువకు మించిన నీరు వచ్చింది. కాలువ కలవాల్సిన చోట కృష్ణ కూడా ఎత్తుగా ఉంది. శబరి సంగతి గుర్తుందిగా, ఇక్కడా అదే. పోవాల్సిన నీరు పోలేక కట్ట మీద భారం పెరిగింది. కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. అప్పటిదాకా అది ఏటి వరద. గండి పడిన క్షణం నుంచి ఆకస్మిక వరద. వాన ఎంత తీవ్రంగా ఉన్నా ఏరు మెట్టు మెట్టుగా పెరుగుతుంది. కట్ట తెగితే మెట్లుండవు, గోడలా వస్తుంది. ఆ మూడు గండ్లూ పూడ్చేసరికి సెప్టెంబరు 7 అయింది, సైన్యం కూడా వచ్చింది. వచ్చిన నీరు గంటల్లో వచ్చింది, పోవడానికి రోజులు పట్టింది. సింగ్ నగర్ పల్లం, పైగా ముందుకు పోయే దారి కొల్లేరు దాకా ఇరుకు. ఆకస్మిక వరదంటే వచ్చినంత వేగంగా పోతుందని పుస్తకాల్లో చదువుతారు. కొండల్లో నిజమే. కట్టడాలతో నిండిన పల్లంలో ఆ మాట చెల్లదు.

అదే రోజు ఖమ్మంలో మున్నేరు. అక్కడ 16 అడుగులకు మొదటి హెచ్చరిక, 24కి రెండోది. సెప్టెంబరు 1న 36 అడుగులకు చేరింది. మున్నేరు పాకాల చెరువు వైపు నుంచి మహబూబాబాదు మీదుగా వస్తుంది. ఆ రాత్రి అక్కడ కుంభవృష్టి. కేసముద్రం దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి, ఆ ఫోటో మీరంతా చూసే ఉంటారు. మన ప్రాంతానికే ప్రత్యేకమైన ప్రమాదం ఒకటి అక్కడ కనిపిస్తుంది. గొలుసుకట్టు చెరువులు. మామూలు రోజుల్లో పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది, కాకతీయుల కాలం నుంచీ అదే వరం. కుంభవృష్టి రాత్రి పై చెరువు తెగితే, దాని నీళ్ళన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి. అదీ తెగుతుంది. వాన తీవ్రత లెక్కగట్టిన ఏ సూత్రమూ ఈ నీళ్ళను లెక్కలో వేసుకోదు. మీ ఊరికి పైన ఎన్ని చెరువులున్నాయో, వాటి కట్టలెలా ఉన్నాయో తెలుసుకోవడం వాతావరణ సూచన వినడమంత అవసరం.

మరి వాగు వరదకు ముందు గుర్తులేమీ ఉండవా? ఉంటాయి. కాకపోతే నదికి రోజుల ముందు కనిపిస్తే, వాగుకు నిమిషాల ముందు కనిపిస్తాయి. ఒక సంగతి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వాగు దగ్గర గేజి బిగించడానికి వెళ్ళాను. మోకాలి లోతు నీళ్ళు, అడుగున గులకరాళ్ళు కనిపిస్తున్నాయి. పైన ఎండ కాస్తోంది. పశువులు తోలుకొచ్చిన ఒక ముసలాయన నన్ను చూసి, "అయ్యా, గట్టెక్కండి, కొత్తనీరు వస్తోంది" అన్నాడు. ఎక్కడ కొత్తనీరు అనుకున్నాను. ఆయన వేలు చూపించిన చోట నీటి మీద ఒక సన్నని గీత. నురుగు, ఎండుటాకులు, పుల్లలు, మేకపెంటికలు కలిసిన చారిక. దాని వెనక నీళ్ళు పలచని టీ రంగులో ఉన్నాయి. గులకరాళ్ళు కనిపించడం మానేశాయి. మేం గట్టెక్కి, సామాను జీపులో వేసుకునేసరికి చప్టా కనపడలేదు. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. తర్వాత తెలిసింది, పైన కొండల మీద వాన పడిందని. మా నెత్తిన చుక్క పడలేదు.

ఆ చారికే మొదటి హెచ్చరిక. నేల మీద ఇన్నాళ్ళూ ఎండి పడి ఉన్న చెత్తను మొదటి నీళ్ళు ఊడ్చుకొస్తాయి. తేటనీరు రంగు మారడం, పైనుంచి రాళ్ళు దొర్లుతున్నట్టు హోరు వినపడటం, కొండల వైపు నల్లగా కమ్మి ఆగకుండా మెరవడం ఇవన్నీ దాని బాపతే. ఇంకొకటుంది, దాన్ని తప్పుగా అర్థం చేసుకునేవాళ్ళే ఎక్కువ. పైన వాన పడుతూనే ఉంటే వాగు ఉన్నట్టుండి తగ్గిపోయిందనుకోండి, "హమ్మయ్య, తగ్గింది" అని దాటకండి. పైనెక్కడో చెట్లో, మట్టిపెళ్ళలో అడ్డుపడి ఉండొచ్చు. ఆ అడ్డు తెగితే ఆగిన నీళ్ళన్నీ ఒకేసారి వస్తాయి.

చప్టా దగ్గర బండి ఆపేవాళ్ళకు ఒక మాట. అడుగు లోతున పారే నీరు చిన్న కారును తేల్చేస్తుంది. రెండడుగులైతే చాలా బండ్లు పోతాయి. నీటి తోపుడు వేగంతో సమానంగా పెరగదు. వేగం రెండింతలైతే తోపుడు నాలుగింతలవుతుంది. రాత్రిపూట నీటి లోతూ తెలియదు, కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో కూడా తెలియదు.

ప్రభుత్వ వ్యవస్థలు ఏం చేయగలవో కూడా చెప్పాలి. మచిలీపట్నంలో డాప్లర్ రాడార్ ఉంది. దానితో మేఘం ఎటు కదులుతోందో చూసి రాబోయే మూడు గంటలకు సూచన ఇస్తారు. 2020 అక్టోబరులో భారత వాతావరణ శాఖ ఆకస్మిక వరదల మార్గదర్శక వ్యవస్థను మొదలుపెట్టింది. నేల ఇప్పటికే ఎంత తడిసి ఉందో, ఇంకా ఎంత వాన పడితే వాగు గట్టు దాటుతుందో లెక్కగట్టి, ఆరు గంటల ముందు ముప్పును, ఇరవై నాలుగ్గంటల ముందు అవకాశాన్ని చెబుతుంది. ఆలోచన చాలా మంచిది. "20 సెంటీమీటర్లు పడుతుంది" అనడం కన్నా "ఈ నేల ఇక 4 సెంటీమీటర్లే భరిస్తుంది" అనడం ఎంతో ఉపయోగం. కానీ అది ఫలానా పరీవాహకంలో ముప్పు ఉందంటుంది తప్ప, ఫలానా వీధి మునుగుతుందని చెప్పలేదు. గండి ఎక్కడ పడుతుందో అసలే చెప్పలేదు.

ప్రశ్న: సార్, రెడ్ అలర్ట్ ఇచ్చినప్పుడల్లా ఇల్లు వదిలి వెళ్ళాలంటే టెన్షన్ గా ఉంటోంది. చాలాసార్లు ఏమీ జరగడం లేదు కదా?

నిజమేనమ్మా. రెడ్ అలర్ట్ జిల్లా మొత్తానికి ఇస్తారు. ఇరవై నాలుగ్గంటల్లో 204.4 మిల్లీమీటర్లు దాటే వాన పడే అవకాశం ఉందని, జాగ్రత్త చర్యలు తీసుకోమని దాని భావం. అది జిల్లాలో ఏ మూల పడుతుందో వాళ్ళకు తెలియదు. అందుకని అలర్ట్ వచ్చిన రోజు మీరే మీ డాబా మీద కొలవండి. గోడలు నిటారుగా ఉన్న స్టీలు డబ్బా ఒకటి తీసుకోండి, వంటింట్లో పప్పుల డబ్బా లాంటిది. వెడల్పు ఎంతైనా ఫరవాలేదు, గోడలు నిటారుగా ఉంటే చాలు. ప్లాస్టిక్ బకెట్ వద్దు. దాని మూతి వెడల్పు, అడుగు ఇరుకు కాబట్టి ఎక్కువ చూపిస్తుంది. డబ్బాను చెట్టుకూ గోడకూ దూరంగా పెట్టి, గంటకోసారి స్కేలుతో కొలిచి పారబోయండి. గంటకు సెంటీమీటరు లోపైతే నిద్రపోవచ్చు. వరసగా రెండు గంటలు మూడు నాలుగు సెంటీమీటర్ల చొప్పున పడి, ముందు రోజు కూడా వాన పడి ఉంటే, పల్లంలో ఉన్నవాళ్ళు పై అంతస్తుకు మారే వేళయిందని లెక్క. ఇది నా లెక్క, అధికారిక కొలత కాదు.

ప్రశ్న: డబ్బాలో ఏమీ లేకపోయినా బుడమేరు రావచ్చు కదండీ? మీరే చెప్పారు, మీ నెత్తిన చుక్క పడలేదని.

రావచ్చు. బాగా పట్టుకున్నారు. మన డబ్బా మన వానను కొలుస్తుంది, మైలవరం వానను కొలవదు. రెండు రాష్ట్రాల్లోనూ దాదాపు ప్రతి మండలంలో ఆటోమేటిక్ వర్షమాపకాలున్నాయి. ఆ రాత్రి మీరు చూడాల్సింది విజయవాడ అంకె కాదు, జి.కొండూరు, మైలవరం అంకెలు. అంతకన్నా సులువు, వెలగలేరులో మీకు చుట్టాలో స్నేహితులో ఉంటే వాళ్ళ ఫోన్ నంబరు దగ్గర పెట్టుకోండి. రాత్రి పదింటికి ఒకసారి, రెండింటికి ఒకసారి అడగండి, రెగ్యులేటర్ దగ్గర నీళ్ళెంత ఉన్నాయని. పేరూరు గేజి చూసి భద్రాచలం వాళ్ళకు చెప్పడంలో మేం చేసేదీ ఇదే.